ఆగని ప్రయత్నం, అందని రసీదు

ఆన్‌లైన్‌లో చేనేత బట్టలు అమ్మే ఒక చిన్న దుకాణం ఉందనుకుందాం. ఉదయం ఒకావిడ 240 రూపాయలు పెట్టి తువ్వాళ్లు కొన్నారు. డబ్బు కట్టిన అర నిమిషంలో ఫోన్‌కు రసీదు వచ్చేసింది. కాసేపటికి ఇంకొకావిడ 1,250 రూపాయల చీర కొన్నారు. ఖాతాలో డబ్బు తగ్గింది, రసీదు మాత్రం రాలేదు. సాయంత్రం వరకు చూసి దుకాణానికి ఫోన్ చేశారు. "సిస్టం బాగానే నడుస్తోందండీ, ఒకసారి చూసి చెబుతాం" అన్నారు అవతలివాళ్లు.

వాళ్లు అబద్ధమాడలేదు. సర్వర్ నడుస్తోంది. ఆర్డర్లు వస్తున్నాయి, చాలామందికి రసీదులూ వెళ్తున్నాయి. తెరమీద ఎక్కడా ఎర్రరంగు హెచ్చరిక లేదు. కానీ లోపల ఒక ప్రోగ్రాం ఆ ఒక్క చీర రసీదును పంపాలని ప్రతి 30 సెకన్లకూ ప్రయత్నిస్తోంది. ప్రతిసారీ ఓడిపోతోంది, మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతోంది.

దుకాణం ఉదాహరణకు అనుకున్నదే కానీ జబ్బు నిజమైనది. ఎన్నిసార్లు ప్రయత్నించినా పూర్తికాని ఇలాంటి పనిని సాఫ్ట్‌వేర్ వాళ్లు పాయిజన్ మెసేజ్ అంటారు. దీనికి మందు కూడా చాలాకాలంగా ఉంది. దాని పేరు డెడ్ లెటర్ క్యూ. అయితే దాన్ని పెట్టడం ఒక ఎత్తు, అది నిజంగా పనికొచ్చేలా పెట్టడం మరో ఎత్తు.

క్యూలో పని ఎలా సాగుతుంది?

కొనుగోలుదారు డబ్బు కట్టగానే రసీదు తయారుచేసి, ఎస్సెమ్మెస్ కంపెనీ సర్వర్‌తో మాట్లాడి పంపడానికి కొన్ని సెకన్లు పట్టవచ్చు. అంతసేపు ఆవిడను తెరముందు కూర్చోబెట్టడం ఎందుకని వెబ్‌సైట్ ఒక చిన్న చీటీ రాసి పక్కన పెడుతుంది. ఆర్డర్ నంబరు, ఫోన్ నంబరు, మొత్తం అందులో ఉంటాయి. ఆ చీటీలోని సమాచారమే పేలోడ్. చీటీలన్నీ చేరేచోటు క్యూ. ఒక్కొక్కటే తీసుకుని పని పూర్తిచేసే ప్రోగ్రాం వర్కర్.

మన దుకాణం వాడుతున్నది అమెజాన్ వారి ఎస్‌క్యూఎస్ అనే క్యూ సేవ. ఇందులో ఒక ముఖ్యమైన ఏర్పాటు ఉంది. వర్కర్ చీటీని తీసుకున్నంత మాత్రాన అది క్యూలోంచి పోదు. కొంతసేపు వేరే వర్కర్లకు కనబడకుండా దాగి ఉంటుంది, అంతే. ఈ వ్యవధి మనం మార్చకపోతే 30 సెకన్లు. పని ముగించిన వర్కర్ "ఇక తీసేయండి" అని ప్రత్యేకంగా చెబితేనే చీటీ తొలగిపోతుంది. చెప్పకపోతే 30 సెకన్ల తర్వాత మళ్లీ కనబడుతుంది.

ఇది మంచి ఆలోచనే. పని మధ్యలో కరెంటు పోయినా, వర్కర్ కుప్పకూలినా, ఎస్సెమ్మెస్ కంపెనీ సర్వర్ ఓ నిమిషం మొరాయించినా చీటీ భద్రంగా ఉంటుంది, తర్వాతి ప్రయత్నంలో పని పూర్తవుతుంది. చిక్కు ఎక్కడంటే, ఈ ఏర్పాటు ప్రతి వైఫల్యాన్నీ తాత్కాలికమైనదిగానే చూస్తుంది. ఎన్నటికీ సరికాని వైఫల్యం కూడా ఉంటుందన్న సంగతి దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఒక్క కామా

చీర చీటీలో మనకు కావలసిన భాగం ఇది:

```json
{"order_id": "A-20417", "item": "saree", "amount": "1,250.00"}
```

తువ్వాళ్ల చీటీలో మొత్తం `"240.00"` అని ఉంది. ముందురోజు రాత్రి వెబ్‌సైట్ బృందం తెరమీద ధరలు చదవడానికి వీలుగా ఉండాలని వేల దగ్గర కామా పెట్టింది. అదే అంకె చీటీలోకి కూడా వెళ్తోందని గమనించలేదు. వర్కర్ రాసింది పైథాన్ భాషలో. `"240.00"` అనే అక్షరాలను సంఖ్యగా మార్చమంటే పైథాన్ వెంటనే మారుస్తుంది. `"1,250.00"` ఇస్తే మాత్రం ఇలా మొరాయిస్తుంది:

```
ValueError: could not convert string to float: '1,250.00'
```

అంటే 999 రూపాయల వరకు ఏ ఆర్డర్‌కూ ఇబ్బంది లేదు, వెయ్యి దాటిన ప్రతి ఆర్డర్‌కూ ఉంది. మార్పు చేశాక బృందం పరీక్షగా వంద రూపాయల ఆర్డర్ ఒకటి పెట్టి చూసి ఉంటే, అంతా సవ్యంగానే కనబడి ఉంటుంది.

ఇక వర్కర్ ప్రోగ్రాం అసలు భాగం ఇలా ఉంది:

```python
for m in messages:
    try:
        send_receipt(json.loads(m["Body"]))
        delete(m)
    except Exception as e:
        log.warning("failed, will retry: %s", e)
```

చూడటానికి జాగ్రత్తగా రాసినట్టే ఉంటుంది. పొరపాటు జరిగితే ప్రోగ్రాం ఆగిపోకుండా పట్టుకుంటోంది, లాగ్‌లో ఒక వాక్యం రాస్తోంది, తర్వాతి చీటీకి వెళ్తోంది. `delete` వరకు చేరలేదు కాబట్టి చీటీ క్యూలోనే ఉంటుంది. అర నిమిషం తర్వాత అదే చీటీ, అదే కామా, అదే వైఫల్యం. కామా తనంతట తాను పోదు కదా.

నిమిషానికి రెండుసార్లు అంటే రోజుకు 2,880 సార్లు. ఇది ఒక్క చీటీ లెక్క. దుకాణానికి రోజుకు వెయ్యి దాటే ఆర్డర్లు 40 వస్తాయనుకుంటే, నాలుగు రోజుల్లో 160 చీటీలు ఇలా తిరుగుతుంటాయి. అప్పటికి లాగ్‌లో రోజుకు 4,60,800 హెచ్చరిక వాక్యాలు పడుతుంటాయి. అన్నీ ఒకేలా ఉంటాయి, పైగా "మళ్లీ ప్రయత్నిస్తాం" అని భరోసా కూడా ఇస్తుంటాయి. కొన్నాళ్లకు అవి ఎవరి కంటికీ ఆనవు.

ఈ దుకాణంలో వర్కర్ ఎస్సెమ్మెస్ పంపకముందే తడబడింది కాబట్టి నష్టం రసీదు రాకపోవడంతో ఆగింది. ఎస్సెమ్మెస్ పంపాక, లెక్కల పుస్తకంలో మొత్తం రాసేచోట తడబడి ఉంటే? అదే ఎస్సెమ్మెస్ ఆవిడ ఫోన్‌కు రాత్రంతా అర నిమిషానికొకటి చొప్పున వెళ్లేది. డబ్బు వసూలుచేసే పని ముందు ఉండి, తడబాటు ఆ తర్వాత ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

గ్రాఫులు ఎందుకు చెప్పలేదు?

క్యూను గమనించేవాళ్లు సాధారణంగా రెండు గ్రాఫులు చూస్తారు. మొదటిది, క్యూలో ఎన్ని చీటీలు వేచివున్నాయన్నది. మన పాడు చీటీ తిరిగి కనబడగానే ఖాళీగా ఉన్న వర్కర్ దాన్ని పట్టుకుంటుంది, ఆ వెంటనే మళ్లీ 30 సెకన్లు దాక్కుంటుంది. అంటే దాదాపు ఎప్పుడూ అది "పని జరుగుతున్న" చీటీల లెక్కలోనే ఉంటుంది, "వేచివున్న" లెక్కలో కాదు. కాబట్టి ఈ గ్రాఫు సున్నా దగ్గరే పాకుతుంటుంది.

రెండోది, అన్నిటికంటే పాత చీటీ వయసెంత అన్నది. ఇదైనా పట్టిస్తుందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఎస్‌క్యూఎస్ నియమం ఇంకోలా ఉంది. మూడుసార్లకు పైగా తీసుకున్నా పూర్తికాని చీటీని ఈ లెక్కలోంచి పక్కన పెట్టి, దాని తర్వాతి చీటీ వయసు చూపిస్తుంది. అంటే ఏ చీటీ గురించి మనకు తెలియాలో సరిగ్గా దాన్నే ఈ గ్రాఫు చూపించదు.

ఆపైన ఐదో రోజు వస్తుంది. ఎస్‌క్యూఎస్ ఏ చీటీనీ శాశ్వతంగా ఉంచదు. మార్చకపోతే గడువు నాలుగు రోజులు, పెంచితే 14 రోజుల వరకు. గడువు తీరగానే చీటీని చెరిపేస్తుంది. దానికి ఎర్రర్ రాదు, లాగ్‌లో వాక్యం పడదు. 11 వేలకు పైగా ప్రయత్నాలు జరిగిన చీర రసీదు ఏ గుర్తూ మిగల్చకుండా పోతుంది. ఎడతెగని తిరుగుడు ఒక కష్టమైతే, ఈ నిశ్శబ్దపు తొలగింపు దానికి మించిన నష్టం. తిరుగుతున్నంతకాలం కనీసం సమాచారం మిగిలి ఉంది, ఇప్పుడు అదీ లేదు.

చేరని ఉత్తరాలకు ఒక గది

తపాలా శాఖకు ఈ సమస్య ఎప్పటినుంచో తెలుసు. చిరునామా సరిగా లేని ఉత్తరంతో పోస్ట్‌మ్యాన్ రోజూ అదే వీధి తిరగడు. పంపినవారికి తిప్పి పంపడానికీ వీలుకాకపోతే అది రిటర్న్డ్ లెటర్ ఆఫీసుకు చేరుతుంది. అక్కడి సిబ్బంది దాన్ని విప్పి ఎవరిదో తెలుసుకునే ప్రయత్నం చేస్తారు. అలాంటి కార్యాలయాలకు పాతకాలంలో ఉన్న డెడ్ లెటర్ ఆఫీస్ అనే పేరే సాఫ్ట్‌వేర్‌లోకీ వచ్చింది.

ఎస్‌క్యూఎస్‌లో డెడ్ లెటర్ క్యూ అంటే ప్రత్యేకమైన యంత్రమేమీ కాదు, మామూలుగా సృష్టించిన మరో క్యూ. అసలు క్యూకు రెండు ముక్కల నియమం రాసి దాన్ని జతచేస్తారు:

```json
{
  "deadLetterTargetArn": "arn:aws:sqs:ap-south-2:111122223333:receipts-dlq",
  "maxReceiveCount": "5"
}
```

ఇందులో `ap-south-2` అన్నది 2022 నవంబరులో మొదలైన అమెజాన్ హైదరాబాద్ రీజియన్. చీటీని ఐదుసార్లు తీసుకున్నా పని పూర్తికాకపోతే, ఆరోసారి వర్కర్‌కు ఇవ్వకుండా `receipts-dlq` లో పడేయమని ఈ నియమానికి అర్థం. వర్కర్ ప్రోగ్రాంలో ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు. చీర చీటీ రెండున్నర నిమిషాల్లో దారితప్పిన చీటీల గదికి చేరుతుంది. వర్కర్‌కు వృథా తిరుగుడు తప్పుతుంది.

ఇక్కడ గడువు విషయంలో చాలామంది ఒక చిన్న సంగతి వదిలేస్తారు. మామూలు రకం ఎస్‌క్యూఎస్ క్యూలో చీటీ ఆయుష్షు అది మొదట పుట్టిన క్షణం నుంచే లెక్క. గది మారినంత మాత్రాన గడియారం మళ్లీ మొదలుకాదు. రెండు క్యూలకూ నాలుగు రోజుల గడువే ఉండి, చీటీ మూడు రోజులు అసలు క్యూలోనే ఉండిపోయి ఉంటే, డెడ్ లెటర్ క్యూలో దానికి మిగిలేది ఒక్క రోజు. శుక్రవారం సాయంత్రం పడితే సోమవారానికి ఉండదు. అందుకే డెడ్ లెటర్ క్యూకు ఎప్పుడూ పూర్తిగా 14 రోజులు పెట్టాలి.

ఎన్నిసార్లు చాలు?

ఐదు అన్న అంకె సరైనదేనా? చీరకైతే ఒక్కసారి చాలు, రెండో ప్రయత్నమే దండగ. కానీ ఎస్సెమ్మెస్ కంపెనీ సర్వర్ పది నిమిషాలు పడిపోయిందనుకోండి. అర నిమిషానికొకటి చొప్పున ఐదు ప్రయత్నాలూ రెండున్నర నిమిషాల్లో అయిపోతాయి. ఆ పది నిమిషాల్లో వచ్చిన మంచి చీటీలు కూడా చాలావరకు డెడ్ లెటర్ క్యూలో గుట్టగా పడతాయి. తప్పు వాటిది కాదు, కాసేపు ఆగితే వెళ్లిపోయేవి.

అంటే రెండురకాల వైఫల్యాలకు ఒకే అంకె సరిపోదు. వాటిని విడదీయగలిగేది వర్కర్ ఒక్కటే. చీటీలో ఏముందో, అవతలి సర్వర్ ఏమందో దానికే తెలుసు.

```python
try:
    job = parse(m["Body"])
    send_receipt(job)
except BadPayload as e:
    send_to_dlq(m, reason=str(e))
except GatewayDown:
    wait_longer(m)
    continue
delete(m)
```

`parse` చేసేపని చీటీని తనిఖీ చేయడం. మొత్తం సంఖ్యేనా, ఫోన్ నంబరు ఉందా, ఆర్డర్ నంబరు ఖాళీగా లేదుకదా అని చూస్తుంది. తేడా ఉంటే `BadPayload` అంటుంది. అప్పుడు వర్కర్ ఇక ప్రయత్నించకుండా ఆ చీటీని కారణంతోసహా తానే డెడ్ లెటర్ క్యూలో పెడుతుంది. ఆ తర్వాతే అసలు క్యూలోంచి తీసేస్తుంది. ఈ వరుస తిరగబడకూడదు. ముందు తీసేసి తర్వాత పెట్టాలనుకుంటే, మధ్యలో వర్కర్ కూలితే చీటీ రెండుచోట్లా ఉండదు.

అవతలి సర్వర్ పలకకపోతే దారి వేరు. చీటీ దాగి ఉండే వ్యవధిని `wait_longer` ప్రతిసారీ రెట్టింపు చేస్తుంది. మొదట 30 సెకన్లు, తర్వాత ఒక నిమిషం, రెండు, నాలుగు, ఎనిమిది. ఈ లెక్కన ఎనిమిదో ప్రయత్నం వచ్చేసరికి గంట దాటుతుంది. `maxReceiveCount` ను ఎనిమిదికి పెంచితే గంటసేపు సర్వర్ పడిపోయినా మంచి చీటీలు క్షేమంగా ఉంటాయి. మనం ఊహించని మూడోరకం వైఫల్యం ఎదురైతే, దాన్ని పట్టుకోవడానికి క్యూ నియమం ఎలాగూ వెనక కాచుకుని ఉంటుంది.

కారణం రాసిపెట్టడాన్ని అదనపు హంగు అనుకోకూడదు. క్యూ తనంతట తాను తరలించిన చీటీ మీద ఎందుకు ఓడిందో ఎక్కడా ఉండదు, ఎస్‌క్యూఎస్‌కు ఆ కారణం తెలియదు కూడా. కొన్ని రోజుల తర్వాత ఎవరో చీటీ తెరిచి `"1,250.00"` చూస్తే అందులో తప్పేముందో తోచదు. పక్కనే "కామా వల్ల సంఖ్యగా మారలేదు" అన్న వాక్యం ఉంటే నిమిషంలో అర్థమవుతుంది.

అలారం ఎక్కడ కట్టాలి?

ఇంతవరకు జరిగింది చీటీలను ఒక గదిలో చేర్చడమే. ఆ గది తలుపు ఎవరూ తీయకపోతే, 14 రోజుల తర్వాత అవీ చెరిగిపోతాయి. నిశ్శబ్దం నాలుగు రోజుల నుంచి రెండు వారాలకు పెరిగిందే తప్ప వేరే ఒరిగిందేమీ లేదు. డెడ్ లెటర్ క్యూ పెట్టినా ఫలితం దక్కని చోట్ల లోపం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

అలారం కట్టడంలోనూ ఒక మెలిక ఉంది. "డెడ్ లెటర్ క్యూలోకి కొత్తగా ఎన్ని పంపారు" అనే `NumberOfMessagesSent` లెక్క మీద కట్టాలని సహజంగానే తోస్తుంది. కానీ నియమం ప్రకారం క్యూ తానుగా తరలించిన చీటీలు ఆ లెక్కలోకి రావు. వర్కర్ చేతితో పంపినవే వస్తాయి. కట్టాల్సింది `ApproximateNumberOfMessagesVisible` మీద, అంటే గదిలో ఇప్పుడు ఎన్ని ఉన్నాయన్న లెక్క మీద. అది సున్నా దాటితే బాధ్యులైన మనిషి ఫోన్ మోగాలి.

మరో సంగతి. అమెజాన్ క్లౌడ్‌వాచ్ అలారం స్థితి మారినప్పుడే కబురు పంపుతుంది. గదిలో పాత చీటీలు మూడు మిగిలిపోయి ఉంటే అలారం ఎర్రగానే ఉండిపోతుంది. ఆపై 300 కొత్తవి పడినా స్థితి మారలేదు కాబట్టి ఫోన్ మళ్లీ మోగదు. "ఆ మూడూ పాతవేలే, ఉండనీ" అని వదిలేసిన బృందానికి అసలు ప్రమాదం వచ్చినరోజు కబురే అందదు. డెడ్ లెటర్ క్యూ మామూలుగా ఖాళీగా ఉండాలి. అందులో పడిన ప్రతి చీటీ విషయం తేల్చేయాలి.

తిరిగి పంపే ముందు

అలారం మోగింది, కారణం చదివారు, కామా దొరికింది. ఇప్పుడు వెబ్‌సైట్ వైపు కామా లేకుండా పంపేలా సరిచేయాలి. అది చాలదు, ఇప్పటికే గదిలో ఉన్న చీటీల్లో కామా అలాగే ఉంది. కాబట్టి వర్కర్ కూడా కామా తీసేసి చదివేలా చేయాలి. ఈ రెండూ అయ్యాకే చీటీలను అసలు క్యూకు తిప్పి పంపాలి. తొందరపడి ముందే పంపితే అవి బంతిలా వెనక్కి వస్తాయి.

తిప్పి పంపడానికి ఒకప్పుడు ప్రతి బృందమూ సొంతంగా చిన్న ప్రోగ్రాం రాసుకునేది. 2021 చివర్లో అమెజాన్ తన కన్సోల్‌లోనే ఆ బటన్ ఇచ్చింది. 2023 నుంచి `aws sqs start-message-move-task` అనే కమాండ్‌తోనూ పంపవచ్చు. ఏ దారిలో పంపినా, ముందు ఒకటి పంపి రసీదు నిజంగా వెళ్లిందో లేదో చూసి, ఆ తర్వాతే మిగతావి పంపడం మేలు.

అన్నిటినీ తిప్పి పంపాలనీ లేదు. మూడు రోజుల తర్వాత వచ్చినా రసీదు పనికొస్తుంది. మూడు రోజుల కిందటి ఓటీపీ పనికిరాదు సరికదా, అందుకున్నవాళ్లను కంగారుపెడుతుంది. అలాంటివాటిని లెక్క రాసుకుని చెరిపేయడమే సరి. ఇక సగం పని ముందే జరిగిపోయిన చీటీలైతే, ఆర్డర్ నంబరు చూసి "ఇది ఒకసారి అయింది" అని గుర్తుపట్టే తెలివి వర్కర్‌కు ఉండాలి. లేకపోతే ఒకే పని రెండుసార్లు జరుగుతుంది.

వేరే క్యూలు, వేరే గుణాలు

ఈ జబ్బు ఒక్కో క్యూలో ఒక్కోలా కనబడుతుంది. రాబిట్‌ఎంక్యూలో వర్కర్ చీటీని తిరస్కరించి మళ్లీ క్యూలో పెట్టమంటే మధ్యలో 30 సెకన్ల విరామం కూడా ఉండదు, వెంటనే తిరిగొస్తుంది. సెకనుకు వందల ప్రయత్నాలతో ప్రాసెసర్ వేడెక్కుతుంది. 4.0 వెర్షన్ నుంచి దాని కోరమ్ క్యూలు మనం చెప్పకపోయినా 20 దగ్గర ఆపేస్తాయి. అయితే డెడ్ లెటర్ దారి పెట్టకపోతే ఆ చీటీని పారేస్తాయి. రూబీ వాళ్లు వాడే సైడ్‌కిక్ విరామాలు పెంచుకుంటూ సుమారు మూడు వారాల్లో 25 సార్లు ప్రయత్నించి, ఆపైన విడిగా పెట్టి తెరమీద చూపిస్తుంది.

వరుస తప్పకూడని పనుల్లో డెడ్ లెటర్ క్యూ కూడా ఆలోచించి వాడాల్సిందే. ఒకే ఖాతాలో జమ, తర్వాత ఖర్చు అన్న వరుస ఉందనుకోండి. జమ చీటీ పాడైతే దాన్ని పక్కకు తీసి ఖర్చును నడిపిస్తే లెక్క తప్పుతుంది. అలాంటిచోట ఆ ఖాతా పనంతా ఆపి, మనిషిని పిలిచి, సరిచేశాకే ముందుకు వెళ్లడం నయం. ఎస్‌క్యూఎస్ ఫైఫో క్యూలో ఒకే గ్రూపుకు చెందిన చీటీలు ముందున్నది తేలేదాకా ఆగడం ఇందుకే.

క్యూలు నడిపే ఇంజినీర్లు ఈ వారంలోనే ఒక పరీక్ష చేసి చూడాలి. టెస్ట్ సర్వర్‌లో మొత్తం దగ్గర అక్షరాలు పెట్టి ఒక పాడు చీటీని కావాలనే క్యూలో వేయండి. అది డెడ్ లెటర్ క్యూకు చేరిందా, కారణం రాసి ఉందా, ఎవరి ఫోన్ మోగింది అన్నవి చూడండి. ఏ ఫోనూ మోగకపోతే, కొనుగోలుదారు ఫోన్ చేసేదాకా ఆగకుండా ఆ అలారం ఆరోజే కట్టండి.